టీవీ క్విజ్ ఫైనల్‌కు కార్యదర్శి ఉత్తరం: ఏముండాలి, ఎందుకుండాలి

క్విజ్ పోటీల్లో గొడవలు ఎక్కువగా జవాబు తెలిసినవాళ్ల మధ్యే వస్తాయి. ‘మేం ముందే రాసిచ్చాం’ అంటుంది ఒక జట్టు. ‘ఈ ప్రశ్న డైరెక్ట్ మాకు రావాలి’ అంటుంది పక్క జట్టు. ‘ఆ వేషం వేసింది ఆయనొక్కడే కాదండీ’ అని వెనక వరసలోంచి ఎవరో లేస్తారు. క్విజ్ మాస్టర్ ఎంత నేర్పరి అయినా అప్పటికప్పుడు తేల్చబోతే ఏదో ఒక జట్టుకు అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది. అందుకే అనుభవమున్న క్లబ్బుల్లో ఈ తగవులు పోటీకి పది రోజుల ముందే, కార్యదర్శి పంపే ఆహ్వాన పత్రంలోనే తేలిపోతాయి.

మన దేశంలో ఈ క్లబ్బులకు అర్ధ శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. 1967లో కలకత్తాలోని ఒక చర్చి హాల్లో నీల్ ఓబ్రైన్ నడిపిన పోటీని తొలి ఓపెన్ క్విజ్‌గా చెబుతారు. 1972లో హైదరాబాద్‌లో కె-సర్కిల్, 1983లో బెంగళూరులో కర్ణాటక క్విజ్ అసోసియేషన్ మొదలయ్యాయి. 1985లో సిద్ధార్థ బసు ‘క్విజ్ టైమ్’ దూరదర్శన్‌లో రావడంతో కాలేజీ కుర్రాళ్లకు బజర్లు, స్కోరు బోర్డులు పరిచయమయ్యాయి. అలా క్విజ్‌ను ఇంటింటికీ తెచ్చిన టీవీయే ఇప్పుడు క్విజ్‌కు అంశంగా మారుతోంది. సీరియల్ పాటలు, యాంకర్లు, పాత ప్రకటనలు అందరూ ఇష్టపడేవే. అయితే అందరూ చూసినవి కాబట్టి అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. తగవుకు ఇంతకన్నా అనువైన అంశం దొరకదు.

అలాంటి ఫైనల్‌కు వెళ్లే ఉత్తరం ఎలా ఉండాలో చూడటానికి ఒక నమూనా తీసుకుందాం.

‘సభ్యులందరికీ నమస్కారం. మన క్లబ్బు ఈ ఏడాది ఫైనల్ వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం 10 గంటలకు మనం ఎప్పుడూ కలిసే హాల్లోనే జరుగుతుంది. అంశం టెలివిజన్. 1959 నుంచి 2021 దాకా మన దేశంలో ప్రసారమైన కార్యక్రమాల మీదే ప్రశ్నలుంటాయి. సినిమాలు, ఓటీటీ సిరీస్‌లు, క్రికెట్ స్కోర్లు అడగం. ఏడాది పొడవునా వచ్చిన పాయింట్లను బట్టి ఆరు జట్లు వేదిక ఎక్కుతాయి. ఒక్కో జట్టులో ముగ్గురు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో 9.45కు చీటీలు తీసి నిర్ణయిస్తాం. ఆలస్యంగా వచ్చిన జట్టుకు మిగిలిన చోటే దక్కుతుంది.’

‘మొదటి రౌండు దూరదర్శన్ రోజులు, 12 ప్రశ్నలు, ఎడమ నుంచి కుడికి. రెండో రౌండు టైటిల్ సంగీతం, 8 ముక్కలు, అన్ని జట్లూ రాసివ్వాలి. మూడోది బొమ్మల కనెక్ట్, 8 ఫొటోలు, ఒకే జవాబు. నాలుగోది తెలుగు చానెళ్లు, 12 ప్రశ్నలు, కుడి నుంచి ఎడమకు. మొత్తం రెండు గంటలు పడుతుంది. మిగతా సభ్యులు తప్పకుండా రండి. వేదిక మీద ఎవరూ చెప్పలేని ప్రశ్నలు మీకే వస్తాయి.’

ఇందులో ఒక్కో వాక్యం వెనక ఒక పాత తగవు ఉంటుంది. ముందు అంశం హద్దుల సంగతి చూద్దాం. 1959 ఎందుకంటే ఆ ఏడాది సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారం మొదలైంది. చివరి ఏడాది చెప్పకపోతే నిన్న రాత్రి వచ్చిన డాన్స్ షో గురించి కూడా అడగవచ్చు. అప్పుడు రోజూ టీవీ ముందు కూర్చునే జట్టుకు లాభం. ‘మన దేశంలో ప్రసారమైన’ అనకపోతే అమెరికా సీరియళ్లను కంప్యూటర్‌లో చూసే కుర్రాళ్లు ముందుకు పోతారు.

చీటీలు తీసి కుర్చీలు పంచడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బౌన్స్ పద్ధతి తెలిస్తే దాని బరువు అర్థమవుతుంది. వెనకటి పోటీల్లో ఒక్కో జట్టుకు ఇన్ని ప్రశ్నలని డైరెక్ట్‌గా ఇచ్చేవారు. చెప్పలేకపోతే ప్రశ్న పక్క జట్టుకు తక్కువ పాయింట్లతో పోయేది. ఆ పద్ధతిలో సులువైన ప్రశ్న ఎవరి వంతుకు వస్తే వాళ్ల పంట పండినట్టే. ఇప్పుడు చాలాచోట్ల ఇన్ఫినిట్ బౌన్స్ నడుస్తోంది. ప్రశ్న ఒక జట్టు దగ్గర మొదలై, జవాబు దొరికేదాకా వరసగా తిరుగుతుంది. ఎవరు చెప్పినా పది పాయింట్లే. జవాబు చెప్పిన జట్టు పక్కనున్న జట్టుకు తర్వాతి ప్రశ్న డైరెక్ట్‌గా వెళ్తుంది.

దీంతో ప్రశ్నల్లో సులువు, కష్టం అనే తేడా వల్ల వచ్చే అన్యాయం చాలావరకు తగ్గుతుంది. కుర్చీ వల్ల వచ్చేది మాత్రం మిగులుతుంది. బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవాళ్లకు ఆ జట్టు వదిలేసిన ప్రశ్నలన్నీ ముందుగా అందుతాయి. చీటీలు అందుకే. మొదటి రౌండు ఎడమ నుంచి కుడికి, నాలుగో రౌండు కుడి నుంచి ఎడమకు అని ఉత్తరంలో రాయడమూ అందుకే. దిశ మారితే ఒకసారి లాభపడిన కుర్చీ రెండోసారి అంత లాభపడదు. రెండు రౌండ్లలోనూ సరిగ్గా 12 ప్రశ్నలే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక దిశలో 15, ఇంకో దిశలో 9 పెడితే ఈ సర్దుబాటు పనిచేయదు.

ఇక పౌన్స్. ప్రశ్న బౌన్స్‌కు వెళ్లకముందే, డైరెక్ట్ దక్కని జట్లలో ఎవరైనా జవాబు కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. సరైతే 10 పాయింట్లు కలుస్తాయి, తప్పైతే 5 పోతాయి. పౌన్స్ చేసిన జట్టు ఆ ప్రశ్నకు మళ్లీ నోరు విప్పకూడదు. ఎక్కడో దూరంగా కూర్చున్న జట్టుకు జవాబు తెలిసినా తన దాకా ప్రశ్న రాదనే బాధ దీనితో పోతుంది.

ఒక ప్రశ్నతో దీన్ని చూద్దాం. ‘1975లో ఇస్రో ఇంజినీర్లు కొలంబోలోని ఒక రచయిత ఇంట్లో డిష్ యాంటెన్నా బిగించారు. మన పల్లెల కోసం ఉపగ్రహం ద్వారా ప్రసారమవుతున్న కార్యక్రమాలను ఆయన అక్కడి నుంచే చూశారు. ఆ ప్రసారాల వెనకున్న ఊహను ఆయన 1945లోనే ఒక వ్యాసంలో వివరించారు. ఎవరాయన?’

డైరెక్ట్ రెండో జట్టుది. నాలుగు, ఐదు జట్లు పౌన్స్ చేశాయి. నాలుగో జట్టు ఆర్థర్ సి. క్లార్క్ అని రాసింది, 10 వచ్చాయి. ఐదో జట్టు ఐజాక్ అసిమోవ్ అని రాసింది, 5 పోయాయి. రెండో జట్టు పాస్ అంది. మూడో జట్టు క్లార్క్ అని చెప్పి 10 తీసుకుంది. తర్వాతి డైరెక్ట్ నాలుగో జట్టుకు వెళ్తుంది. ఆరో జట్టుకు, ఒకటో జట్టుకు ఈ ప్రశ్న అందనే లేదు. వాళ్లకు జవాబు తెలిసి పౌన్స్ చేయకపోతే ఆ నష్టం వాళ్లదే.

పౌన్స్ ఎప్పుడు చేయాలో చెప్పే లెక్క కూడా ఉత్తరంలోని అంకెల్లోనే ఉంది. సరైతే 10, తప్పైతే 5 అన్నప్పుడు, మూడిట్లో ఒకసారి సరిగ్గా రాసే జట్టుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒకసారి 10 వస్తే రెండుసార్లు కలిపి 10 పోతాయి. అంతకన్నా కొంచెం నమ్మకమున్నా రాసివ్వడంలో తప్పులేదు. కొన్ని క్లబ్బుల్లో తప్పుకు 10 కోస్తారు. అక్కడ సగం సగం అవకాశముంటేనే లెక్క సరిపోతుంది. పక్కనే డైరెక్ట్ ఉన్న జట్టు తొందరపడాల్సిన పనిలేదు. ఎలాగూ ప్రశ్న తనవైపే వచ్చే అవకాశం ఎక్కువ. తప్పుకు కోత ఎంతో ముందే తెలియకపోతే జట్లు ఈ ఆలోచన చేయలేవు. కాబట్టి ఆ అంకెను వేదిక మీద చెబుతాం అనుకోకుండా ఉత్తరంలోనే రాయాలి.

క్లార్క్ ప్రశ్నను ఇంకో కారణానికి కూడా గమనించాలి. ఆ ప్రసారాల పేరు సైట్. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు కార్యక్రమాలు చేరాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ‘ఎన్ని పల్లెలు?’ అని అడిగితే చదివినవాడు చెబుతాడు, చదవనివాడు పాస్ అంటాడు. అక్కడితో సరి. క్లార్క్ ప్రశ్నలో మాత్రం కొలంబో ఒక దారి, ఉపగ్రహం ఒక దారి, రచయిత అనే మాట మరో దారి. సైట్ పేరు ఎప్పుడూ వినని జట్టు కూడా ముగ్గురూ గుసగుసలాడుకుని జవాబు పట్టగలదు. క్విజ్ వాళ్లు ఇలాంటిదాన్ని వర్కౌటబుల్ ప్రశ్న అంటారు. ఫైనల్లో ఇవే ఎక్కువగా ఉండాలి.

రెండో రౌండు వినడానికి సులువు, తయారు చేయడానికి కష్టం. ‘మాల్గుడి డేస్’ రాగాన్ని నాలుగు సెకన్లు వినిపిస్తే చాలు, నలభై దాటినవాళ్లు కలం అందుకుంటారు. అది ఎల్. వైద్యనాథన్ సంగీతం, మాటల్లో సీరియల్ పేరు రాదు. బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ పాట విషయం వేరు. మహేంద్ర కపూర్ గొంతులో సీరియల్ పేరే వినిపిస్తుంది. ఎక్కడ కత్తిరించాలో ముందే చూసుకోకపోతే ఆ ప్రశ్నకు ఆరు జట్లకూ మార్కులు పడతాయి, పోటీ ముందుకు సాగదు. ముక్కను ఎన్నిసార్లు వినిపిస్తారన్నది కూడా ఉత్తరంలో ఉండాలి. రెండుసార్లు అని రాసి ఉంటే మూడోసారి అడిగే హక్కు ఎవరికీ ఉండదు.

మూడో రౌండులో ఎనిమిది ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తెర మీదికి వస్తాయి. అన్నిటినీ కలిపే సంగతి చెప్పాలి. మొదటి ఫొటో మీదే చెబితే 40 పాయింట్లు. ఒక్కో ఫొటోకు 5 తగ్గుతూ ఎనిమిదోదానికి 5కు దిగుతుంది. ఒక్కో జట్టుకు ఒకే అవకాశం, తప్పైతే 10 పోతాయి. ఈ రౌండులో ప్రాణమంతా ఫొటోల వరసలోనే ఉంటుంది.

జవాబు ‘మిలియనీర్’ ఆటకు మన దేశపు వ్యాఖ్యాతలు అనుకుందాం. 1998లో బ్రిటన్‌లో పుట్టిన ఆ ఆట 2000 జులై 3న ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’గా ఇక్కడికి వచ్చింది. ఫొటోలకు అమితాబ్ బచ్చన్, షారుఖ్ ఖాన్, సూర్య, పునీత్ రాజ్‌కుమార్, సురేష్ గోపి, నాగార్జున, చిరంజీవి, జూనియర్ ఎన్టీఆర్ ఉన్నారు. అమితాబ్‌ను ముందు పెడితే రౌండు ఒక్క ఫొటోతో అయిపోతుంది. ఎన్టీఆర్, నాగార్జునలను మొదటి రెండు ఫొటోలుగా పెడితే ఇంకో చిక్కు. ఇద్దరూ తెలుగు ‘బిగ్‌బాస్’ నడిపినవారే. ఎవరైనా బిగ్‌బాస్ అని రాసిస్తే అప్పటికి చూసిన ఫొటోలను బట్టి అది తప్పు కాదు, 10 పాయింట్లు మాత్రం పోతాయి. పునీత్, సురేష్ గోపిలతో మొదలుపెట్టి అమితాబ్‌ను చివర ఉంచితే ఈ తంటా ఉండదు. ఉత్తరంలోనూ ఒక వాక్యం చేరాలి: ‘అన్ని ఫొటోలకూ వర్తించే జవాబే సరైన జవాబు.’

తెలుగు చానెళ్ల రౌండులో ప్రేమాభిమానాలు ఎక్కువ, ప్రమాదాలూ ఎక్కువే. ‘అమృతం సీరియల్‌లో అమృతరావు వేషం వేసిందెవరు?’ అనే ప్రశ్న అమాయకంగా కనిపిస్తుంది. 2001లో జెమినిలో మొదలై 2007 దాకా నడిచిన ఆ సీరియల్‌లో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ ఆ వేషం వేశారు. ఏ కాలంలో చూసినవాళ్లకు ఆ అమృతరావే గుర్తుంటాడు. ప్రశ్నను తిప్పి, ‘అమృతరావులు మారినా చివరిదాకా మారని ఆంజనేయులు ఎవరు?’ అని అడిగితే గుండు హనుమంతరావు ఒక్కరే జవాబు.

కార్యక్రమాల పేర్లతోనూ ఇదే ఇబ్బంది. నాగార్జున 2014లో మాటీవీలో మొదలుపెట్టి, తర్వాత చిరంజీవి నడిపిన ఆటపేరు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’. ఎన్టీఆర్ 2021లో జెమినిలో నడిపినదాని పేరు ‘ఎవరు మీలో కోటీశ్వరులు’. ఒకదాని బదులు రెండోది రాస్తే సరేనంటారా, తప్పంటారా? ఉత్తరంలో ‘వ్యక్తులకు ఇంటిపేరు చాలు, కార్యక్రమాలకు పూర్తి పేరు కావాలి’ అని ఉంటే క్విజ్ మాస్టర్ మీద నింద పడదు.

పునఃప్రసారాలు జ్ఞాపకాలను ఇంకా కలగాపులగం చేశాయి. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మొదటిసారి 1987 జనవరి 25న వచ్చింది. లాక్‌డౌన్‌లో 2020 మార్చి 28 నుంచి దూరదర్శన్ దాన్ని మళ్లీ వేసింది. ఏ ఏడాది వచ్చిందని ఊరికే అడిగితే రెండు జవాబులూ సరైనవే. మొదటి ప్రసారం అన్న రెండు మాటలు చేర్చాలి. ‘మన దేశంలో తొలి సీరియల్ ఏది’, ‘తొలి తెలుగు యాంకర్ ఎవరు’ లాంటి తొలి ప్రశ్నలను మాత్రం పూర్తిగా పక్కన పెట్టడమే క్షేమం. అంతకు ముందు ఇంకోటి ఉందని నిరూపించేవాళ్లు ఎప్పుడూ హాల్లో ఉంటారు.

జవాబులను పుస్తకంలో చూసుకున్నాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అనే ఆయన 1974లో వింత సంగతుల విజ్ఞాన సర్వస్వం ఒకటి వేశారు. ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి అందులో ఒక అబద్ధం పెట్టారు. ‘కొలంబో’ అనే డిటెక్టివ్ సీరియల్ హీరో మొదటి పేరు ఫిలిప్ అని రాశారు. సీరియల్‌లో ఆ పేరు ఎవరూ పలకలేదు. కొన్నేళ్లకు ‘ట్రివియల్ పర్సూట్’ ఆటలో అదే ఫిలిప్ జవాబుగా వచ్చింది. వర్త్ 1984లో 30 కోట్ల డాలర్లకు దావా వేశారు. వాస్తవాలకు కాపీరైట్ ఉండదంటూ కోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. ఇంతకీ ఒక ఎపిసోడ్‌లో డిటెక్టివ్ గుర్తింపు కార్డును ఆపి చూస్తే కనిపించే పేరు ఫ్రాంక్. టీవీ ప్రశ్నకు జవాబును ఆ కార్యక్రమంలోనే సరిచూసుకోవాలి. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఎక్కిన సంగతి రెండుచోట్ల కనిపించినంత మాత్రాన నిజం కాదు.

అందుకే ఉత్తరంలో అభ్యంతరాల నియమం ఉండి తీరాలి. నమూనాలో ఇలా ఉంటుంది: ‘జవాబు మీద అభ్యంతరముంటే తర్వాతి ప్రశ్న చదవకముందే జట్టు నాయకులు చెయ్యెత్తాలి. క్విజ్ మాస్టర్, స్కోరర్ కలిసి అక్కడికక్కడే తేలుస్తారు. తేలకపోతే ఆ ప్రశ్నను రద్దు చేసి, అదే జట్టుకు కొత్తది ఇస్తారు. ఆ తర్వాత చర్చ లేదు.’ గడువు లేని అభ్యంతరం నాలుగో రౌండులో వచ్చి మొదటి రౌండు స్కోరును మార్చమంటుంది. అప్పుడు మధ్యలో ఎవరికి డైరెక్ట్ వెళ్లిందో అదంతా తిరగదోడాలి, అది ఎవరివల్లా కాదు.

ప్రేక్షకుల గురించీ రెండు మాటలు రాయాలి. ఫోన్లు సంచిలో ఉండాలి, జవాబు తెలిసినా పెదవి కదపకూడదు. ఇది అతి జాగ్రత్త అనుకునేవాళ్లకు 2001 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో జరిగింది గుర్తు చేయవచ్చు. మిలియనీర్ ఆటలో చార్లెస్ ఇంగ్రామ్ అనే సైనిక మేజర్, ఒకటి పక్కన వంద సున్నాలుండే సంఖ్యను గూగల్ అంటారని చెప్పి పది లక్షల పౌండ్లు గెలిచారు. సరైన జవాబు చదివినప్పుడల్లా హాల్లోంచి దగ్గు వినిపించిందని రికార్డింగ్‌లో తేలింది. ఆయనకు, భార్యకు, దగ్గిన పోటీదారుకు 2003లో కోర్టు శిక్ష వేసింది, బహుమతి సొమ్ము చేతికందలేదు.

చివరికి రెండు జట్లు సమానమైతే? ఒక అంకె అడిగి, రెండు జట్లనూ రాయమంటారు. దగ్గరగా ఉన్నది గెలుస్తుంది. మహాభారత్ ఎన్ని భాగాలంటే ఒకరు 90, ఇంకొకరు 100 రాస్తే, అసలు అంకె 94 కాబట్టి 90 రాసినవారిదే కప్పు. ఈ పద్ధతినీ ముందే చెప్పకపోతే ఓడినవాళ్లు ఇంకో ప్రశ్న కావాలంటారు.

ఇంత రాసినా నమూనాలో ఒకటి మిగిలిపోయింది. ఆరు జట్లూ చెప్పలేని ప్రశ్న తర్వాత డైరెక్ట్ ఎవరిది? మళ్లీ అదే జట్టుకు ఇచ్చే క్లబ్బులున్నాయి, పక్క జట్టుకు జరిపే క్లబ్బులున్నాయి. ఏది పాటించినా ఫరవాలేదు గానీ ఏదో ఒకటి కాగితం మీద ఉండాలి. మీకు అందిన ఉత్తరంలో ఆ వాక్యం లేకపోతే ఫైనల్ రోజు దాకా ఆగకుండా కార్యదర్శికి ఫోన్ చేసి అడగండి.